ప్లేట్ ఆగింది, వెల్డ్ పగిలింది: 2 టన్నుల చైన్ బ్లాక్ బ్రాకెట్ కేసు

ఇది విశాఖలో గాజువాక ఆటోనగర్ వైపు ఒక రిపేర్ షెడ్ కేసు. పంపులు, గేర్‌బాక్సులు విప్పి బాగుచేసే షెడ్, లోపల ఒక కాలమ్ ఫ్లాంజ్‌కి నిలువుగా ఒక ప్లేట్ వెల్డ్ చేసి దాని చివర కన్నానికి 2 టన్నుల చైన్ బ్లాక్ తగిలించారు. ప్లేట్ 12 ఎంఎం మందం, కాలమ్ దగ్గర లోతు 150 ఎంఎం, లోడ్ వేలాడే కన్నం కాలమ్ మొహం నుంచి 250 ఎంఎం దూరం. రెండు వైపులా 6 ఎంఎం ఫిలెట్ వెల్డ్, నిలువుగా 150 చొప్పున. ఇలాంటి బ్రాకెట్ మనూళ్ళో ఏ షెడ్‌కి వెళ్ళినా కనబడుతుంది, అందుకే రాస్తున్నా.

కంప్లైంట్ ఏంటంటే వెల్డ్ పై చివర పెయింట్ చీలి సన్నగా తుప్పు గీత వస్తోంది, మళ్ళీ పెయింట్ వేస్తే మళ్ళీ అదే చోట వస్తోంది. ఓనర్ అది సముద్రపు గాలి వల్ల అనుకున్నాడు, వైజాగ్‌లో ఉప్పు గాలి మీద వేసే నిందలకి లెక్కేలేదు కదా. కానీ ఉప్పు తుప్పు అయితే వెల్డ్ పొడవునా, ముఖ్యంగా కింద నీళ్ళు నిలిచే చోట రావాలి, పై చివర మాత్రమే, అదీ గీతలాగా రాదు. పెయింట్ గీకించి, కంటికి కనబడని పగుళ్ళు రంగుతో చూపించే డీపీ టెస్ట్ చేయించా, ఎర్ర రంగు పూసి తుడిచి తెల్ల డెవలపర్ కొట్టగానే పై చివర నుంచి కిందకి సుమారు 40 ఎంఎం వరకు ఎర్రటి గీత లేచింది. రెండో వైపు వెల్డ్‌లో కూడా అంతే, కాస్త చిన్నది. కింది చివర మాత్రం శుభ్రంగా ఉంది. రెండు వైపులా పైనే పగిలి కిందేమీ లేకపోతే అది వెల్డర్ చేతి లోపం కన్నా ముందు బెండింగ్‌ని అనుమానించాలి, ఎందుకంటే లోడ్ కిందకి లాగినప్పుడు బ్రాకెట్ పైభాగం కాలమ్ నుంచి ఊడి రావాలని చూస్తుంది, కింది భాగం కాలమ్‌కి ఒత్తుకుంటుంది.

పాత లెక్క కాగితం ఓనర్ దగ్గరే ఉంది, అది చూస్తే విషయం అర్థమైపోయింది. లోడ్ వరకూ బాగానే తీసుకున్నారు: 2 టన్నులంటే 19.6 కిలోన్యూటన్లు, బ్లాక్, చైన్, హుక్ బరువు కలిపి 20 అనుకుని, ఎత్తేటప్పుడు కుదుపుకి 25 శాతం కలిపి 25 కిలోన్యూటన్లు. చేత్తో లాగే బ్లాక్‌కి అంత కుదుపు అక్కర్లేదు గానీ ఎక్కువ తీసుకోవడం తప్పేం కాదు. తర్వాత 6 ఎంఎం వెల్డ్‌కి త్రోట్ 0.7 × 6 = 4.2 ఎంఎం, పాత ఐఎస్ 816 ప్రకారం త్రోట్ మీద 108 ఎంపీఏ వరకు ఒప్పుకుంటారు, అంటే ఒక్కో మిల్లీమీటర్ పొడవు 454 న్యూటన్లు మోస్తుంది. 25000ని 454తో భాగిస్తే మొత్తం 55 ఎంఎం, వైపుకి 28 చాలు. మేము 150 ఇచ్చాం, అంటే ఐదు రెట్లకు పైనే సేఫ్ అని కింద గీత గీసి సంతకం పెట్టేశారు.

త్రోట్ దాకా ఆ లెక్కలో తప్పు లేదు. ఫిలెట్ వెల్డ్ అడ్డకోత త్రిభుజం, దానికి రెండు కాళ్ళు ఉంటాయి, ఆ కాలు కొలతే మనం గేజ్ పెట్టి చూసే 6 ఎంఎం. వెల్డ్ తెగితే మాత్రం కాలు వెంబడి తెగాలని రూలేం లేదు, వేరు మూల నుంచి మొహానికి అతి దగ్గర దారి ఏదుందో దాని వెంబడి తెగుతుంది, 90 డిగ్రీల జాయింట్‌లో అది 45 డిగ్రీల గీత, దాన్నే త్రోట్ అంటాం, దాని పొడవు కాలుకి 0.707 వంతు, కోడ్ 0.7 అని ఫిక్స్ చేసింది. కాబట్టి లోడ్ ఎటు నుంచి వచ్చినా స్ట్రెస్‌ని ఆ త్రోట్ ఏరియా మీదే లెక్కేసి దాన్ని షియర్ కిందే చూస్తాం. కొందరు ఇక్కడ కాలునే పెట్టి 43 శాతం ఎక్కువ బలం చూపించేస్తారు, వీళ్ళు ఆ పని చేయలేదు.

వీళ్ళు వదిలేసింది 250 ఎంఎం దూరాన్ని. లోడ్ వెల్డ్ గీత మీదే దిగితే డైరెక్ట్ షియర్ ఒక్కటే చాలేది, కానీ అది పావు మీటర్ బయట వేలాడుతోంది, కాబట్టి వెల్డ్‌కి లోడ్ P ని దూరం e తో గుణించినంత వంచే మొమెంట్ కూడా వస్తుంది. నేను ఐఎస్ 800:2007 లిమిట్ స్టేట్‌లో మళ్ళీ వేశా. ఫ్యాక్టర్డ్ లోడ్ 1.5 × 25 = 37.5 కిలోన్యూటన్లు. స్టీల్ ఈ250 రకం, అల్టిమేట్ బలం 410, వెల్డ్ పైన నిచ్చెన ఎక్కి అక్కడికక్కడే చేసింది కాబట్టి సైట్ వెల్డ్ ఫ్యాక్టర్ 1.5 (షాపులో బల్ల మీద చేస్తే 1.25), కాబట్టి త్రోట్ మీద ఒప్పుకునేది 410 / (√3 × 1.5) = 158 ఎంపీఏ.

పొడవులోంచి ముందు 2 × 6 = 12 ఎంఎం తీసేయాలి, ఎందుకంటే రాడ్డు అంటించిన చోట, ఆపిన చోట పూర్తి సైజు రాదు. 150 అనుకున్నది 138 అవుతుంది. రెండు నిలువు గీతలకి లెక్క ఇలా, q అంటే షియర్ స్ట్రెస్, f బెండింగ్ స్ట్రెస్, fe రెండూ కలిపింది, t త్రోట్, L వాడుకునే పొడవు:

```
q  = P / (2 t L)
f  = 3 P e / (t L²)
fe = √(f² + 3 q²)  ≤  158

t = 4.2,  L = 138,  e = 250,  P = 37500
q  = 32
f  = 352
fe = 356
```

ఈ లెక్కలో డైరెక్ట్ షియర్ 32 మాత్రమే, పాత కాగితం చూసింది దాన్నే. అసలు భారం 352 బెండింగ్‌ది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఐదు రెట్లు సేఫ్ అనుకున్న వెల్డ్ నిజానికి ఒప్పుకునే దానికి రెండుంపావు రెట్ల స్ట్రెస్‌లో ఉంది.

ఓనర్ అడిగిన ప్రశ్న న్యాయమైనదే. "మరి ఇన్నాళ్ళు ఎలా ఆగింది సార్, ఏటండి, పడిపోవాలి కదా?" అన్నాడు. పడకపోవడానికి కారణాలున్నాయి: 158లో సేఫ్టీ ఉంది, 1.5 లోడ్ ఫ్యాక్టర్ ఉంది, కుదుపుకి 25 శాతం ఉంది, పై చివర ముదిరితే స్టీల్ కాస్త సాగి పక్క భాగానికి భారం పంచుతుంది, పైగా రోజూ ఎత్తేవి చాలావరకు టన్ను లోపువే. కానీ పై చివర మాత్రం ప్రతి ఎత్తుకీ సాగి సాగి పగులు మొదలైంది, పగులు 40 దిగాక మిగిలిన పొడవు ఇంకా తక్కువ, అంటే స్ట్రెస్ ఇంకా ఎక్కువ, ఇక్కడి నుంచి అది నెమ్మదిగా పోయే రకం కాదు.

ప్లేట్ సంగతి కూడా చూడాలి, అసలు మోసం ఇక్కడే జరిగింది. 150 × 12 ప్లేట్‌కి వేరు దగ్గర బెండింగ్ స్ట్రెస్ 208 ఎంపీఏ వస్తుంది, ఒప్పుకునేది 250 / 1.1 = 227. పాస్. అంటే డిజైనర్ ప్లేట్‌కి బెండింగ్ చూశాడు, వెల్డ్‌కి షియర్ చూశాడు, రెండూ పాసయ్యాయి, వెల్డ్‌కి బెండింగ్ చూడలేదు. ప్లేట్ ఆగితే వెల్డ్ కూడా ఆగుతుందిలే అనుకోవడం ఎందుకు కుదరదంటే, ప్లేట్ 12 ఎంఎం మందంతో 227 దాకా మోస్తే, రెండు వెల్డ్‌ల త్రోట్‌లు కలిపితే 8.4 ఎంఎం, అదీ 158 దాకే. ఒక మిల్లీమీటర్ లోతుకి ప్లేట్ బలం 2700 న్యూటన్లు, వెల్డ్ బలం 1330, సగం కన్నా తక్కువ. కాబట్టి 6 ఎంఎం ఫిలెట్లతో కట్టిన 12 ఎంఎం ప్లేట్‌ని బెండింగ్‌లో నిండా వాడేశామంటే వెల్డ్ ఎప్పటికీ నిలబడదు, లెక్క వేయకుండానే చెప్పేయొచ్చు.

ఇప్పుడు సరిచేయడం. షెడ్ ఫోర్‌మన్ మొదటి సలహా అందరూ ఇచ్చేదే, "ఇంకో రెండు రన్నులు వేసి లావు చేసేద్దాం సార్" అని. సరే అని ఆయన ఎదురుగానే లెక్క వేసి చూపించా. పొడవు 150 అలాగే ఉంచి కాలుని ఏకంగా 12 చేద్దాం, త్రోట్ 8.4 అవుతుంది, కానీ చివరల్లో తీసేసేది కూడా 24 అవుతుంది, మిగిలే పొడవు 126. f = 211. సైజు రెట్టింపు చేసినా ఫెయిలే! వెల్డ్ మెటల్ మాత్రం సైజు వర్గం ప్రకారం పెరుగుతుంది, అంటే నాలుగు రెట్ల రాడ్డు, నాలుగు రెట్ల వేడి, ప్లేట్ వంకర తిరగడం అదనం.

f ఫార్ములాలో t కింద ఒక్కసారే ఉంది, L రెండుసార్లు ఉంది, కిటుకంతా అదే. సైజు రెట్టింపు చేస్తే బెండింగ్ స్ట్రెస్ సగం అవుతుంది, పొడవు రెట్టింపు చేస్తే నాలుగో వంతు అవుతుంది. కాబట్టి బ్రాకెట్ వెల్డ్‌కి సైజు సంగతి తర్వాత, ముందు కాలమ్ దగ్గర ప్లేట్ లోతు పెంచాలి. 12 ఎంఎం ప్లేట్‌కి కోడ్ చెప్పే కనీస సైజు 5, ఒక్క రన్నులో చక్కగా వచ్చేది 6, అది ఫిక్స్ చేసుకుని పొడవు వెతుక్కుంటే చాలు.

వెతకడం ఇలా చేస్తా. ముందు షియర్‌ని మర్చిపోయి బెండింగ్ ఒక్కదానికే L తీస్తా:

```
L = √( 3 P e / (t × 158) )
  = √( 3 × 37500 × 250 / (4.2 × 158) )
  ≈ 206
```

షియర్ కలిస్తే ఇంకొంచెం కావాలి కాబట్టి 215 పెట్టి చూస్తే f = 145, q = 21, fe = 149, పాస్. చివరలకి 12 కలిపితే 227. పేపర్ మీద 230 చాలు గానీ, నిచ్చెన మీద నుంచి నిలువుగా వేసే వెల్డ్‌కి అంచు మీద డిజైన్ చేయడం నాకిష్టం ఉండదు, 240 తీసుకున్నా. వాడుకునే పొడవు 228, f = 129, q = 20, fe = 133, ఒప్పుకునేదాంట్లో 84 శాతం. వెల్డ్ మెటల్ చూస్తే, 12 ఎంఎం సైజుతో 150కి పట్టేదాంట్లో ఇది సగం కూడా కాదు, అయినా అది ఫెయిలు, ఇది పాసు. లోతు పెరగడంతో ప్లేట్ బెండింగ్ కూడా 208 నుంచి 81కి దిగిపోయింది, అది ఉచితంగా వచ్చింది.

పాత బ్రాకెట్‌కే కింద ముక్క అతికి 240 చేద్దామని కూడా అడిగారు. వద్దన్నా. పగులున్న వెల్డ్‌ని ఎలాగూ తీసేయాలి, పైగా అతుకు కూడా లోడ్ దారిలోనే వస్తుంది, ఆ బట్ వెల్డ్‌కి మళ్ళీ టెస్టింగ్, అంతకన్నా కాలమ్ దగ్గర 240, కన్నం దగ్గర 100 ఉండేలా ఏటవాలుగా కొత్త ప్లేట్ కోసుకోవడం చవక.

పాతది గ్రైండర్‌తో తీస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. ప్లేట్ అంచు చేత్తో గ్యాస్ కటింగ్ చేసింది, గాడి గాడిగా ఉంది, గ్రైండింగ్ కూడా చేయలేదు, పై చివర ప్లేట్‌కి ఫ్లాంజ్‌కి మధ్య ఇంచుమించు 2 ఎంఎం గ్యాప్. బయట నుంచి గేజ్ పెడితే కాలు 6 చూపిస్తుంది, కానీ ఆ 6లో 2 గ్యాప్ పూడ్చడానికే పోయింది, ప్లేట్ అంచుని నిజంగా పట్టుకున్నది 4 మాత్రమే, త్రోట్ 4.2 అనుకున్నది దాదాపు 2.8కి పడిపోయింది. అంటే అసలే ఎక్కువున్న స్ట్రెస్ పై చివర ఇంకో ఒకటిన్నర రెట్లు అయ్యింది, పగులు సరిగ్గా అక్కడే పుట్టింది. ఈ గ్యాప్ వెల్డ్ అయ్యాక ఏ గేజ్‌కీ దొరకదు, ఫిటప్ అప్పుడే ఫీలర్ పెట్టి చూడాలి. గ్యాప్ ఒకటిన్నర మిల్లీమీటర్ దాటితే ఎంత గ్యాప్ ఉందో అంత కాలు పెంచి వేయాలి, లేదంటే అంచు గ్రైండ్ చేసి ఆనించాలి. మేము గ్రైండ్ చేయించాం, టాక్ వేసే ముందు కాగితం ముక్క కూడా దూరలేదు.

గేజ్ గురించి ఒక మాట. కాలు గేజ్ ఒక్కటే పెట్టి ఓకే అనేవాళ్ళు ఎక్కువ. నిలువు వెల్డ్‌ని పైనుంచి కిందకి లాగేస్తే, అదీ 6013 రాడ్డుతో, మొహం లోపలికి గుంటలాగా వస్తుంది, కాళ్ళు 6, 6 ఉంటాయి, మధ్యలో త్రోట్ 3.5 కూడా ఉండదు. గుంట మొహానికి త్రోట్ గేజే పెట్టాలి, మన లెక్కంతా త్రోట్ మీదే కాబట్టి. ఇక్కడ 7018 రాడ్డు, ప్యాకెట్ మీద రాసినట్టు ఓవెన్‌లో కాల్చి, కింద నుంచి పైకి వేయించా. వెల్డర్ మొదట కాల్చడం దేనికన్నాడు, వైజాగ్ గాలికి తెరిచిన ప్యాకెట్ ఒక పూట బయట ఉంటే చాలు ఆ రాడ్డు చెమ్మ పట్టేస్తుంది, తర్వాత వెల్డ్‌లో హైడ్రోజన్ అంటే అది వేరే పగులు, వేరే కేసు.

పై చివర ఎక్కడ ఆపాలన్నది కూడా డ్రాయింగ్‌లోనే రాశా. బ్రాకెట్‌కి అత్యంత స్ట్రెస్ ఉండే చోటు అదే, సరిగ్గా అక్కడ రాడ్డు ఆపి క్రేటర్ వదిలేస్తే పగులుకి మనమే విత్తనం వేసినట్టు. కోడ్ కూడా బ్రాకెట్ల పేరు చెప్పి మరీ అంటుంది, లాగుడు వైపు చివరని మూల తిప్పి కనీసం సైజుకి రెండింతలు కొనసాగించాలని. ఇక్కడ 2 × 6 = 12, ప్లేట్ మందం కూడా 12, కాబట్టి పైన అంచు మీదుగా తిప్పితే రెండో వైపు వెల్డ్‌లో కలిసిపోతుంది, కింద కూడా అలాగే చుట్టేశాం. ఉప్పు నీళ్ళు సందులోకి దూరే దారి కూడా మూసుకుపోయింది, సముద్రం పక్కన ఆ సందు తుప్పు వెల్డ్‌ని వెనక నుంచి తింటుంది. ఇలా చుట్టినా లెక్కలో 12 ఎంఎం తీసేయడం మాత్రం మానలేదు.

ఇంకో అనుమానం పీకుతూనే ఉంది. చైన్ బ్లాక్ నిటారుగా ఎత్తుతుందని లెక్కలో రాస్తాం, షెడ్‌లో కుర్రాళ్ళు మాత్రం లారీ మీదున్న మోటార్‌ని ఏటవాలుగా గుంజుతారు. లోడ్‌లో 5 శాతం పక్కకి వచ్చిందనుకుందాం, 1.9 కిలోన్యూటన్లు, 250 దూరంలో. దీన్ని అడ్డుకోవడానికి రెండు వెల్డ్ గీతల మధ్య ఉన్న దూరం ఎంత, ప్లేట్ మందానికి చెరో వైపు సగం త్రోట్ కలిపి 16 ఎంఎం. మొమెంట్‌ని 16తో భాగిస్తే ఒక్కో గీతకి 29 కిలోన్యూటన్లు, త్రోట్ మీద 31 ఎంపీఏ. అది 129కి కలిస్తే 160, షియర్‌తో fe 163, లిమిట్ 158 దాటేసింది! నిలువు లోడ్‌కి 16 శాతం మిగులు ఉన్న జాయింట్‌ని 5 శాతం పక్క లోడ్ తినేసింది. పొడవు పెంచుకుంటూ పోవడం దీనికి మందు కాదు, గీతల మధ్య దూరం కావాలి. అందుకే ప్లేట్ లోతు మధ్యలో రెండు వైపులా 8 ఎంఎం అడ్డ ఆసరా ప్లేట్లు, అంటే గసెట్లు పెట్టాం, లోపలి మూల కత్తిరించి, నిలువు వెల్డ్ తెగకుండా ఆ మూలలోంచి సాగిపోయేలా. నిలువు లోడ్ లెక్కలో వాటిని కలుపుకోలేదు. బ్రాకెట్ కాలమ్ వెబ్‌కి ఎదురుగా పడింది కాబట్టి ఫ్లాంజ్ వంగే గొడవ లేదు, ఫ్లాంజ్ అంచు దగ్గర పడుంటే ఇదంతా వేరే లెక్క.

అయ్యాక మర్నాడు డీపీ టెస్ట్, తర్వాత రెండున్నర టన్నులు కట్టి నేల నుంచి జానెడు ఎత్తు లేపి కాసేపు ఉంచి దింపాం, మళ్ళీ పై చివర డీపీ. గీత ఏదీ లేదు. ఎప్పుడైనా చూడాల్సింది ఆ పైన మూల తిరిగే చోటే అని వాళ్ళకి చాక్‌తో గుర్తు పెట్టి చూపించా.

ఓనర్ ఇంత బలంగా ఉంటే 3 టన్నుల బ్లాక్ వేసేయొచ్చా అన్నాడు. ఈ 240కి వేస్తే fe 133 కాస్తా 200 అవుతుంది, కుదరదు. కావాలంటే అదే 6 ఎంఎం వెల్డ్‌తో 280 లోతు ప్లేట్ సరిపోతుంది, fe 146. లోడ్ సగం పెరిగినా పొడవు 40 పెరిగితే చాలు, L వర్గంలో ఉంది కాబట్టి. కానీ అప్పుడు గసెట్లు, కాలమ్, దాని కింద బోల్టులు మళ్ళీ చూడాలి అంటే, "అయితే 2 టన్నులే ఉండనీండి" అన్నాడు.